నలుగురి గేమ్ టీమ్, ఒక కాన్‌బాన్ బోర్డు: డన్ కాలమ్ నిండిపోయినా గేమ్ ఎందుకు కదల్లేదు

హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్న నలుగురు మేజర్ ప్రాజెక్టుగా గేమ్ చేశారు. నేను గేమ్ ప్రోగ్రామర్‌ని, వీలు దొరికినప్పుడు ఇలాంటి టీమ్‌లతో కూర్చుంటాను. ఈ టీమ్ పని ఎలా పంచుకుంది, బోర్డు మీద ఏం మార్చాం, మార్చాక ఎక్కడ ఇరుక్కుంది, ఎలా బయటపడింది అన్నది వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే స్టూడెంట్ టీమ్‌లు కాన్‌బాన్, అంటే పనులను కార్డులుగా రాసి బోర్డు మీద కాలమ్ నుంచి కాలమ్‌కి జరిపే పద్ధతి, మొదలుపెట్టేటప్పుడు దాదాపు అన్నీ ఒకే బోర్డుతో మొదలుపెడతాయి, అది గేమ్ పనికి సరిపోదు.

ముందు గేమ్ సంగతి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావిని బాగుచేసి 2022 చివర్లో తెరిచారు కదా, అది చూసొచ్చాక వాళ్లకు వచ్చిన ఆలోచన ఇది. టూడీ పజిల్ గేమ్. బావి లోపల ఒకదాని కింద ఒకటి గదులు, ప్రతి గదిలో ఒక చక్రం. చక్రం తిప్పితే నీళ్లు లేస్తాయి లేదా దిగుతాయి, నీళ్లతో పాటు చెక్కపెట్టెలు తేలుతాయి, వాటి మీద నిలబడి పై మెట్టు అందుకోవాలి. ఐదు గదులు అనుకున్నారు. ఇంజిన్ గోడో 4, ఎందుకంటే ఉచితం, మామూలు లాప్‌టాప్‌ల మీద కూడా నడుస్తుంది. పని పంపకం అందరూ చేసేదే: ఒకతను ప్రోగ్రామింగ్, ఒకమ్మాయి ఆర్ట్, ఒకతను లెవెల్ డిజైన్, నాలుగో అమ్మాయి సౌండ్, మెనూలు, కాలేజీకి ఇవ్వాల్సిన రిపోర్టు.

నన్ను పిలిచేసరికి మొదటి రివ్యూకి మూడు వారాలుంది, ఫైనల్‌కి పది. ట్రెలోలో బోర్డు ఉంది, మూడు కాలమ్‌లు: టు డూ, డూయింగ్, డన్. డన్‌లో 41 కార్డులున్నాయి. చూస్తే బ్రహ్మాండంగా ఉంది. గేమ్ ఆడి చూపించమంటే ప్రోగ్రామర్ లాప్‌టాప్ తీశాడు, బూడిద రంగు డబ్బా ఒకటి అటూ ఇటూ గెంతుతోంది, నీలం రంగు చదరం ఒకటి పైకీ కిందికీ వెళ్తోంది. నీళ్లంటే అదే. బొమ్మలు లేవు, సౌండ్ లేదు, గది ఒక్కటే, దానికి తలుపు లేదు.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ బద్ధకించలేదు. అందుకే దీన్ని జాగ్రత్తగా చూడాలనిపించింది. అందరం బోర్డు ముందు కూర్చుని డన్‌లో ఉన్న ఒక్కో కార్డు తీసి ఒకటే ప్రశ్న అడిగాం: ఇది ఇప్పుడు బిల్డ్‌లో ఉందా? బిల్డ్ అంటే ఎడిటర్‌లో ప్లే బటన్ నొక్కితే వచ్చేది కాదు, ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకొకరి లాప్‌టాప్‌లో తెరిస్తే వచ్చేది. 41లో 13 ఉన్నాయి. మిగతా 28లో 17 బొమ్మలూ యానిమేషన్లూ డ్రైవ్ ఫోల్డర్‌లో ఉన్నాయి, 6 సౌండ్లు ఆ అమ్మాయి లాప్‌టాప్‌లోనే ఉన్నాయి, 5 కోడ్ ముక్కలు మెర్జ్ కాని బ్రాంచిల్లో పడున్నాయి. ఆర్ట్ చేసే అమ్మాయికి డన్ అంటే డ్రైవ్‌లో అప్‌లోడ్ చేయడం. ప్రోగ్రామర్‌కి డన్ అంటే తన మెషీన్‌లో నడవడం. లెవెల్ డిజైనర్‌కి డన్ అంటే గ్రాఫ్ పేపర్ మీద గది గీసి ఫొటో పెట్టడం. ఎవరి లెక్కలో వాళ్లది పూర్తయింది. కానీ వీటన్నిటినీ కలిపి గేమ్‌లో పెట్టే పనికి కార్డే లేదు, కాలమ్ కూడా లేదు, అడగకుండానే అది ప్రోగ్రామర్ నెత్తిన పడింది. అతను నీళ్ల కోడ్ రాయాలా, వచ్చిన బొమ్మలు పెట్టాలా తేల్చుకోలేక రెండూ సగం సగం చేస్తున్నాడు.

కాన్‌బాన్ అసలు టయోటా ఫ్యాక్టరీలో పుట్టిందని చాలామందికి తెలుసు. అక్కడ కార్డు చేసే పని ముఖ్యంగా ఒకటే: తర్వాతి దశవాళ్లు అడిగితేనే ముందు దశవాళ్లు సరుకు చేస్తారు, అడగని సరుకు చేసి పోగెయ్యరు. స్టూడెంట్ బోర్డుల్లో ఈ ముక్క ఎగిరిపోయి కాలమ్‌లు మాత్రం మిగులుతాయి. కాలమ్‌లు ఉన్నంత మాత్రాన అది చేయాల్సిన పనుల జాబితానే, కాస్త అందంగా ఉంటుంది, అంతే. ఈ టీమ్‌లో ఆర్ట్ పోగైంది, సౌండ్ పోగైంది, వాటిని తీసుకోవాల్సిన మనిషి ఒక్కడే, అతని దగ్గర చోటు లేదు. బోర్డు ఈ సంగతి చూపించాలి. డన్ కాలమ్ దాన్ని దాచేసింది.

ఆ రోజే ఒక చిన్న లెక్క వేశాం. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటుంది, క్యూల గురించి. మధ్యలో ఉన్న పనుల సంఖ్యను వారానికి పూర్తయ్యే పనులతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున పట్టే సమయం వస్తుంది. డూయింగ్‌లో 8 కార్డులు, బిల్డ్‌లోకి రాని 28, మొత్తం 36 మధ్యలో ఉన్నట్టు లెక్క. బిల్డ్‌లోకి నిజంగా చేరుతున్నవి వారానికి మూడు. 36ని 3తో భాగిస్తే 12 వారాలు. ఫైనల్ రివ్యూకి ఉన్నవి పది. ఈ సూత్రం సగటుల గురించే చెప్తుంది, పని రాక, పోక ఒక మోస్తరు నిలకడగా ఉన్నప్పుడే సరిపోతుంది, ఫలానా కార్డు ఫలానా రోజు అవుతుందని చెప్పదు. అయినా ఆ పన్నెండు అంకె చూసి నలుగురూ కాసేపు మాట్లాడలేదు. అప్పటిదాకా ‘ఇంకాస్త కష్టపడదాం’ అనుకుంటున్నారు. కష్టపడి ఇంకా బొమ్మలు గీస్తే పైనున్న 36 పెరుగుతుంది తప్ప కిందున్న 3 పెరగదు.

మార్చినవి రెండు: కాలమ్‌లు, కార్డులు. కాలమ్‌ల సంగతి త్వరగా తేలింది. ‘సిద్ధం’, ‘చేస్తున్నాం’, ‘గేమ్‌లో పెట్టాలి’, ‘ఆడి చూడాలి’, ‘అయింది’. చేస్తున్నాం కాలమ్‌లో నాలుగు కార్డులు మించకూడదు, అంటే మనిషికి ఒకటి. గేమ్‌లో పెట్టాలి కాలమ్‌లో రెండు, ఆడి చూడాలి కాలమ్‌లో రెండు. ఈ అంకెలకు శాస్త్రం ఏమీ లేదు. నాలుగు ఎందుకంటే మనుషులు నలుగురు, రెండు ఎందుకంటే మూడోది వచ్చేలోపు ఎవరో ఒకరు ఆగి చూడాలి. ముందు తక్కువ పెట్టి, మరీ ఊపిరాడకపోతే పెంచుకోవచ్చు. ఎక్కువతో మొదలుపెట్టి తగ్గించిన టీమ్‌ని నేనైతే చూడలేదు.

కార్డుల పని కష్టమైంది. పాత కార్డులు ‘ప్లేయర్ స్ప్రైట్’, ‘జంప్ కోడ్’, ‘అడుగుల సౌండ్’ అని ఉండేవి. అంటే పనిని మనిషి చేసే పనిని బట్టి కోశారు. కొత్త కార్డు మాత్రం గేమ్ ఆడేవాళ్లకు కనపడే, వాళ్లు చేయగలిగే ఒక విషయం అయి ఉండాలని పెట్టుకున్నాం. అందులో కోడ్, బొమ్మ, సౌండ్ మూడూ ఉండొచ్చు. బాగా కుదిరిన కార్డు ఒకటి ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

గది 2: చక్రం తిప్పితే పెట్టె తేలాలి
అయినట్టు ఎప్పుడంటే: కొత్తగా ఆడే మనిషి, ఎవరూ చెప్పకుండా, చక్రం తిప్పి పెట్టె ఎక్కి పై తలుపు దాకా వెళ్లగలగాలి. ఎక్స్‌పోర్ట్ చేసిన బిల్డ్‌లో.
నీళ్లు రెండు మట్టాల మధ్య లేచి దిగడం: ప్రోగ్రామర్
గది కొలతలు, పెట్టె ఎక్కడుండాలి: లెవెల్ డిజైనర్
పెట్టె, చక్రం బొమ్మలు, చక్రం తిరిగే యానిమేషన్: ఆర్ట్
చక్రం కిర్రుమనడం, నీళ్ల చప్పుడు: సౌండ్
కార్డు చేతిలో ఉన్నది: లెవెల్ డిజైనర్

ఆఖరి లైను చూడండి. పని నలుగురిదీ, కార్డు మాత్రం ఒకరి చేతిలో. అతనే కోడ్ అంతా రాయాలని కాదు, కార్డు ఎక్కడ ఆగిందో అతనికి తెలియాలి, ఆగితే అతనే వెళ్లి అడగాలి. ప్రోగ్రామర్ చేతిలో ఏ కార్డూ పెట్టొద్దని నేను మరీ మరీ చెప్పాను, నీళ్ల సిస్టమ్ మూలం రాసే ఒక్క కార్డు తప్ప. అందరూ అతని కోసమే ఎదురుచూస్తున్నప్పుడు, గుర్తుచేసే పని కూడా అతనికే ఇస్తే ఇక కోడ్ ఎప్పుడు రాస్తాడు?

కార్డు సైజుకి మేం పెట్టుకున్న కొలత, కాలేజీ అయ్యాక రెండు మూడు సాయంత్రాల్లో అవ్వాలి. ‘గది 2 పూర్తి చేయాలి’ అని మొదట రాశారు, అది మూడు కార్డులైంది: పెట్టె తేలడం, తలుపు తెరుచుకోవడం, నీళ్లలో పడితే మళ్లీ మొదటికి రావడం. మరీ చిన్నవైనా ఇబ్బందే. ‘చక్రానికి నీడ వేయాలి’ అన్నది కార్డు కాదు, కార్డు లోపల ఒక లైను. పాత 28 కార్డులను ఇలా కలిపితే తొమ్మిది కొత్త కార్డులయ్యాయి, మిగతావి ఎప్పుడో రాబోయే నాలుగో, ఐదో గదుల బొమ్మలు, వాటిని పక్కన పెట్టేశాం. ఆ బొమ్మలు చాలా బాగున్నాయి. పక్కన పెట్టేటప్పుడు ఆర్ట్ చేసే అమ్మాయికి బాధగా ఉందని నాకూ తెలుస్తూనే ఉంది.

మొదటి వారం మధ్యలోనే ఇరుక్కుంది. గేమ్‌లో పెట్టాలి కాలమ్‌లో రెండు కార్డులు చేరిపోయాయి, రెండిటికీ ప్రోగ్రామరే దిక్కు, అతనేమో నీళ్ల కోడ్‌లో మునిగున్నాడు. ఆర్ట్ చేసే అమ్మాయి తన భాగం ముగించి కొత్త కార్డు లాగబోతే చోటు లేదు. రాత్రి ఫోన్ చేసింది.

“అన్నా, నా పని నేను చేసేశాను కదా. వాడు పెట్టకపోతే నేనెందుకు ఖాళీగా కూర్చోవాలి? మూడో గది టైల్స్ గీసుకుంటాను, బోర్డులో పెట్టనులే.”

“గీస్తే ఎక్కడికి పోతాయి?”

“డ్రైవ్‌లోకి.”

“మళ్లీ అక్కడికే కదమ్మా. ముందున్న రెండూ గేమ్‌లోకి వెళ్లడానికి నువ్వేం చేయగలవో చూడు.”

“నాకు గోడో రాదు అన్నా.”

లిమిట్ వల్ల జరగాల్సిన పని ఇదే. చాలా టీమ్‌లు ఇక్కడే లిమిట్ ఎత్తేస్తాయి. ఎత్తేస్తే వెంటనే హాయిగా ఉంటుంది, రెండు వారాల్లో మళ్లీ డ్రైవ్ నిండుతుంది. మేం ఎత్తలేదు. మర్నాడు ప్రోగ్రామర్ ఒక సాయంత్రం కోడ్ ఆపి ఆమె పక్కన కూర్చున్నాడు. ప్లేయర్ సీన్‌లో `AnimatedSprite2D` ఎక్కడుందో, దానికి `SpriteFrames` ఎలా పెట్టాలో చూపించాడు. యానిమేషన్ పేర్లు `idle`, `run`, `jump`, `float` అని ఖాయం చేసి, ఈ పేర్లు మారనంత వరకు లోపల బొమ్మలు ఎన్నిసార్లు మార్చుకున్నా నా కోడ్‌కి ఏమీ కాదు అన్నాడు. పిక్సెల్ ఆర్ట్ మసకగా కనిపిస్తోందంటే గోడోలో టెక్స్చర్ ఫిల్టర్ మామూలుగా లీనియర్ మీద ఉంటుంది కాబట్టి, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో నియరెస్ట్ చేస్తే సరిపోతుంది, అదీ అప్పుడే తేలింది. ఇంకో పరీక్ష సీన్ విడిగా చేసి ఇచ్చాడు, ఒక నేల, ఒక ప్లేయర్, అంతే. ఏం చెడినా అందులోనే చెడుతుంది.

దీని వల్ల వచ్చిన లాభం నేను ఊహించిన దానికంటే పెద్దది. ఆమె తన బొమ్మ పెట్టి ఆడించగానే, ప్లేయర్ మెట్టు మీద దిగినప్పుడు కాళ్లు మెట్టుకి తగలకుండా గాల్లో ఉన్నట్టు కనిపించింది. పరిగెత్తే ఫ్రేముల్లో పాదాల కింద రెండు పిక్సెళ్ల ఖాళీ ఉంది, నిలబడే ఫ్రేముల్లో లేదు, అందుకని ఆగినప్పుడల్లా మనిషి కిందికి జారినట్టు ఉంది. గీసే సాఫ్ట్‌వేర్‌లో ఇది కనపడదు, అక్కడ నేల లేదు కదా. పది నిమిషాల్లో సరిచేసుకుంది. ఇదే పాత పద్ధతిలో అయితే ప్రోగ్రామర్‌కి కనపడాలి, వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టాలి, ఆమె గీసి డ్రైవ్‌లో పెట్టాలి, అతను మళ్లీ దించుకుని పెట్టాలి, ఈలోపు రెండు మూడు రోజులు పోతాయి. సౌండ్ అమ్మాయి కూడా ఇదే దారిలో `AudioStreamPlayer2D` పెట్టడం నేర్చుకుంది. ఆ తర్వాత గేమ్‌లో పెట్టాలి కాలమ్ నిండిపోవడం అరుదైంది, ఎవరి ముక్క వాళ్లే తెచ్చి పెడుతున్నారు కాబట్టి.

అందరూ ఇంజిన్‌లోకి దిగితే ఇంకో తలనొప్పి ఉంటుంది, ఫైళ్లు కొట్టుకోవడం. గోడో సీన్ ఫైల్ `.tscn` టెక్స్ట్ రూపంలోనే ఉంటుంది, అయినా ఇద్దరు ఒకే గదిని ఒకే రోజు మారిస్తే గిట్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది, దాన్ని చేత్తో విప్పడం కొత్తవాళ్ల వల్ల కాదు. బోర్డుతోనే దీనికి దారి దొరికింది. ప్రతి గదీ విడి సీన్, కార్డు పేరు గది నంబరుతోనే మొదలవ్వాలి, ఒకే గది కార్డులు రెండు ఒకేసారి చేస్తున్నాం కాలమ్‌లో ఉండకూడదు. బోర్డు చూస్తే చాలు, ఏ ఫైలు ఎవరి చేతిలో ఉందో తెలిసిపోతుంది. బొమ్మల ఫైళ్లు అసలు మెర్జ్ కావు కాబట్టి వాటికి పెద్ద ఫైళ్ల కోసం గిట్‌కి తోడుగా ఉండే గిట్ ఎల్ఎఫ్ఎస్‌లోని తాళం వాడారు.

```
git lfs track "*.aseprite" --lockable
git lfs lock art/player.aseprite
git lfs unlock art/player.aseprite
```

తాళం వేసినవాళ్లు తప్ప మిగతావాళ్ల దగ్గర ఆ ఫైలు చదవడానికే తెరుచుకుంటుంది. పని అయ్యాక తాళం తీయడం మర్చిపోతే ఇంకొకరు ఆగిపోతారు, కాబట్టి కార్డు జరిపేటప్పుడే తాళం తీయాలని కార్డులోనే ఒక లైను పెట్టుకున్నారు.

ఇక ఆడి చూడాలి కాలమ్. నియమం ఒకటే, చేసిన మనిషి ఆడకూడదు, చేసిన మెషీన్‌లో ఆడకూడదు. గది 2 కార్డే తీసుకుందాం. ప్రోగ్రామర్ దగ్గర బ్రహ్మాండంగా నడిచింది. సౌండ్ అమ్మాయి తన పాత లాప్‌టాప్‌లో బిల్డ్ తెరిచి పెట్టె ఎక్కి చక్రం తిప్పితే, నీళ్లు లేస్తున్న కొద్దీ మనిషి పెట్టెలోంచి కిందికి జారి నీళ్లలో పడిపోతున్నాడు. అన్నిసార్లూ కాదు, కొన్నిసార్లు. ‘నా దగ్గర రావట్లేదే’ అన్నాడు ప్రోగ్రామర్.

కారణం వెతికితే రెండు దొరికాయి. నీటిమట్టం పెంచే లైను `_process` లో ఉంది, అది ఫ్రేమ్ రేటుని బట్టి నడుస్తుంది. ఆమె లాప్‌టాప్‌లో ఫ్రేములు తక్కువ, కాబట్టి పెట్టె ఒక్కో అడుగులో ఎక్కువ దూరం గెంతుతోంది, ఒక్కోసారి మనిషి కాళ్లను దాటి పైకి వెళ్లిపోతోంది. దాన్ని `_physics_process` లోకి మార్చాలి, అక్కడ అడుగు సైజు స్థిరంగా ఉంటుంది. రెండోది, పెట్టెను `RigidBody2D` గా చేసి ప్రతి ఫ్రేములో దాని స్థానాన్ని చేత్తో మారుస్తున్నాడు, ఫిజిక్స్ ఇంజిన్ ఒకవైపు లాగుతుంటే కోడ్ ఇంకోవైపు లాగుతోంది. మనిషిని మోసుకెళ్లే కదిలే వేదికకు గోడోలో `AnimatableBody2D` ఉంది, పెట్టె దానికి మారింది. ఆ కార్డు ఆడి చూడాలి కాలమ్‌లో నాలుగు రోజులుంది. బయటివాళ్లకు అది ఆలస్యం. నాకైతే ఆ వారంలో టీమ్ చేసిన అతి విలువైన పని అదే, ఎందుకంటే అదే పెట్టె కోడ్ మిగతా గదులన్నిటిలో వాడాలి. పాత బోర్డులో అయితే ఈ తప్పు రివ్యూ రోజు కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో బయటపడేది.

ఆడేటప్పుడు దొరికిన తప్పులన్నిటికీ కొత్త కార్డు పెట్టకూడదు. కార్డు మీద రాసుకున్న ‘అయినట్టు ఎప్పుడంటే’ షరతుకి అడ్డం వచ్చే తప్పయితే కార్డు అక్కడే ఉంటుంది, ఎర్ర లేబుల్ పడుతుంది, దాన్ని చేతిలో పెట్టుకున్న మనిషి వేరే కార్డు ముట్టుకోడు. షరతుకి సంబంధం లేనిది, అంటే ‘నీళ్లకు మెరుపు ఉంటే బాగుండు’ లాంటిది అయితే సిద్ధం కాలమ్ అడుక్కి పోతుంది. ఈ తేడా పెట్టుకోకపోతే ఏ కార్డూ ఎప్పటికీ అయిపోదు, లేదా అన్నీ అయిపోయినట్టే ఉంటాయి.

ప్రతి సోమ, గురువారాల్లో లంచ్‌లో బోర్డు ముందు పది నిమిషాలు నిలబడేవాళ్లు. ‘నిన్నేం చేశావ్, ఇవాళేం చేస్తావ్’ అని మనిషి మనిషినీ అడగడం మాన్పించాను. కుడివైపు నుంచి మొదలుపెట్టి ఎడమకి రావాలి, ముందు ఆడి చూడాలి కాలమ్, తర్వాత గేమ్‌లో పెట్టాలి, ఆ తర్వాతే చేస్తున్నాం. కార్డు అదే కాలమ్‌లో ఉంటే దానిమీద ఒక చుక్క. మూడు చుక్కలు పడితే అందరూ దాని గురించే మాట్లాడాలి. మనిషిని అడిగితే సంజాయిషీ వస్తుంది. కార్డుని అడిగితే ‘తలుపు సైజు ఇంకా తేలలేదు, అందుకే ఆగింది’ అని అసలు కారణం వస్తుంది. నలుగురూ స్నేహితులైన టీమ్‌లో ఈ తేడా చాలా పెద్దది, ఎవరూ ఎవర్నీ నిలదీయాల్సిన అవసరం పడదు.

మొదటి రివ్యూకి ఒకటో గది, రెండో గది పూర్తిగా, బొమ్మలతో సౌండ్‌తో నడిచాయి. ఆ తర్వాత ఇంటర్నల్స్ వచ్చాయి. పరీక్షలకు ముందు వారం కొత్త కార్డు లాగకూడదని, మధ్యలో ఉన్నవాటినే కుడివైపుకి తోయాలని అనుకున్నారు. అది బాగా పనిచేసింది. సగం రాసిన కోడ్ వదిలేసి పరీక్షలు రాసొస్తే, ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికే రెండు రోజులు పోతాయి.

పరీక్షలయ్యాక ఫైనల్‌కి ఐదు వారాలు మిగిలాయి. అసలైన టెన్షన్ అప్పుడు మొదలైంది. బోర్డులో 29 కార్డులున్నాయి. ఈపాటికి ‘అయింది’ కాలమ్ నమ్మదగ్గది కాబట్టి వారానికి ఎన్ని అవుతున్నాయో చూస్తే చాలు. మూడు, ఐదు, నాలుగు, సగటు నాలుగు. ఆఖరి వారం డెమోకి, రిపోర్టుకి వదిలేయాలి, కాబట్టి నాలుగు వారాలు, పదహారు కార్డులు. గంటల అంచనాలు ఎవరినీ అడగలేదు, అడిగితే స్టూడెంట్లు పరీక్షలూ పెళ్లిళ్లూ లేని వారాన్ని ఊహించుకుని చెప్తారు. అయిన కార్డుల లెక్కలో అవన్నీ కలిసే ఉంటాయి.

29 నుంచి 16కి రావాలంటే 13 తీసేయాలి. లెవెల్ డిజైనర్ ఐదు గదులూ ఉంచి ఒక్కోటీ చిన్నది చేద్దామన్నాడు. నేను వద్దన్నాను, ఎందుకంటే గది చిన్నదైనా తలుపు, చక్రం, పజిల్, ఆడి చూడటం అన్నీ ఉంటాయి, కార్డులు పెద్దగా తగ్గవు. నాలుగో, ఐదో గదులు పూర్తిగా తీసేస్తే పది కార్డులు పోయాయి. సేవ్ మెనూ మూడు కార్డులు, మూడు గదుల గేమ్‌కి సేవ్ అక్కర్లేదు, అవీ పోయాయి. సరిగ్గా పదహారు. కానీ సగటు మీద ఆనుకుని సరిగ్గా పదహారు పెట్టుకుంటే ఒక్క చెడ్డ వారం వచ్చినా ఎత్తిపోతుంది. అందుకే వారానికి మూడే అవుతాయనుకుని పన్నెండు కార్డులను గీత పైన పెట్టి, మిగతా నాలుగు, అంటే నీటి మెరుపు, గబ్బిలాలు, టైటిల్ యానిమేషన్, ఇంకో పాట, గీత కింద పెట్టాం. ఆఖరికి గీత పైనవన్నీ అయ్యాయి, కిందవాటిలో గబ్బిలాలు, టైటిల్ యానిమేషన్ వచ్చాయి.

రిపోర్టు గురించి కూడా చెప్పాలి. నాలుగో అమ్మాయి సౌండ్ కార్డులు ఎందుకు నెమ్మదిగా కదులుతున్నాయని ఒక గురువారం చర్చ వచ్చింది. చూస్తే ఆమె ఆ వారం అంతా రిపోర్టులో చాప్టర్లు, గైడ్ అడిగిన డయాగ్రాములు, పీపీటీ చేస్తోంది. వాటికి బోర్డు మీద ఒక్క కార్డూ లేదు. పనిచేస్తున్నా ఖాళీగా ఉన్నట్టు కనపడింది. రిపోర్టు చాప్టర్లు కూడా కార్డులయ్యాయి, అవే లిమిట్ల కింద, వాటికీ ‘ఆడి చూడాలి’ ఉంది, అంటే ఇంకొకరు చదవాలి. ప్రోగ్రామర్ నీళ్ల సిస్టమ్ చాప్టర్ తనే రాస్తానని లాక్కున్నాడు, ఆమెకు సౌండ్‌కి టైమ్ దొరికింది. కాలేజీ ప్రాజెక్టులో మార్కులొచ్చే పని ఏదైనా సరే బోర్డు మీద ఉండాల్సిందే.

ఈ పద్ధతికి సమాధానం చెప్పాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది, రివ్యూ ప్యానెల్ దాన్నే అడుగుతుంది: ‘ఇందులో నువ్వేం చేశావు?’ మనిషిని బట్టి కోసిన పాత కార్డుల్లో దీనికి జవాబు తేలిక. గేమ్‌ని బట్టి కోసిన కార్డుల్లో నలుగురి పనీ కలిసిపోయి ఉంటుంది. నలుగురికీ వేరువేరు మార్కులు పడే చోట ఇది చిన్న ఇబ్బంది కాదు, ఆర్ట్ చేసే అమ్మాయి దీని గురించి మొదటి నుంచీ భయపడుతూనే ఉంది. మేం చేసింది, కార్డు లోపలి ప్రతి లైను చివరా మనిషి, గిట్ కమిట్‌లో కార్డు నంబరు. ఫైనల్‌కి ముందు ఒక్కొక్కరూ తమ లైన్లన్నీ వడగట్టి ఒక పేజీ తీసుకున్నారు. ఆమె పేజీలో బొమ్మలతో పాటు ఇంజిన్‌లో పెట్టిన యానిమేషన్లు, పాదాల కింది ఖాళీ సరిచేసిన కమిట్ కూడా ఉన్నాయి. ప్యానెల్‌లో ఒకరు ఆ రెండు పిక్సెళ్ల గురించే అడిగారు, ఆమె బిల్డ్ తెరిచి పాత ఫ్రేము, కొత్త ఫ్రేము పక్కపక్కన ఆడించి చూపించింది.